గీత దాటిన చిన్న వర్తకుడు: జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితిపై ఒక సమీక్ష

ఆదాయపు పన్నులో ఒక స్లాబు దాటితే, దాటిన మేరకే ఎక్కువ రేటు పడుతుంది. విలువ ఆధారిత పన్నులో అలా కాదు. సరుకులు మాత్రమే అమ్మే దుకాణానికి మన దేశంలో చాలా రాష్ట్రాల్లో పరిమితి 40 లక్షలు. 39 లక్షల 90 వేల అమ్మకం దగ్గర జీఎస్టీ నంబరు అక్కర్లేదు, రిటర్నులు అక్కర్లేదు. 40 లక్షలు దాటాక జరిగే ప్రతి అమ్మకం మీద, మొదటి రూపాయి నుంచి, పన్ను కట్టాలి. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న తొలి బేరంతోనే పన్ను మొదలవుతుంది. ఎదుగుతున్న వర్తకుడి ఆదాయం ఆ గీత దగ్గర మెల్లగా వంగదు, ఒక్కసారిగా కిందికి పడుతుంది. ఆర్థికవేత్తలు దీన్నే క్లిఫ్ ఎఫెక్ట్ అంటారు.

ఈ చర్చ చాలాకాలంగా ‘పరిమితి ఎంత ఉండాలి?’ అనే ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. వర్తక సంఘాలు పెంచమంటాయి, ఖజానా తగ్గించమంటుంది. ఆ సంఖ్యతో పాటు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: గీత దాటిన రోజు ఎవరికి ఏం మారుతుంది? సిద్ధాంతాలను, దేశాల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కుముడి అసలు అక్కడే ఉందని తెలుస్తుంది.

## గీతలు ఎలా వచ్చాయి

చిన్నవాళ్లను వదిలేయడం ఈ పన్నుకు కొత్త కాదు. బ్రిటన్ 1973లో వ్యాట్ మొదలుపెట్టినప్పుడు పరిమితి 5,000 పౌండ్లు. క్రమంగా పెరిగి 2017లో 85,000కు చేరింది. ఏడేళ్లు అక్కడే ఆగి, 2024 ఏప్రిల్‌లో 90,000 అయింది.

మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో వచ్చిన వ్యాట్ చట్టం మొదటినుంచే రెండు మెట్లు కట్టింది. 5 లక్షలు దాటినవారు టీఓటీ డీలర్లుగా టర్నోవర్ మీద 1 శాతం కట్టేవారు. 40 లక్షలు దాటినవారు పూర్తి వ్యాట్ డీలర్లు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు సాధారణ పరిమితిని 20 లక్షలుగా, ప్రత్యేక కేటగిరీ రాష్ట్రాల్లో కొన్నింటికి 10 లక్షలుగా పెట్టారు. 2019 ఏప్రిల్ 1 నుంచి సరుకులు మాత్రమే అమ్మేవారికి 40 లక్షలకు పెంచారు, సేవలకు 20 లక్షలే ఉంచారు.

ఆ పెంపును ఒప్పుకోవాలో వద్దో రాష్ట్రాలకు వదిలేశారు. ఆంధ్రప్రదేశ్ 40 లక్షలు తీసుకుంది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది. అలా ఏడాదికి 30 లక్షల సరుకు అమ్మే ఒకేలాంటి దుకాణానికి విజయవాడలో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఖమ్మంలో తప్పదు. ఒకే చట్టం, ఒకే సరుకు, ఒకే రేటు. గీత మాత్రం వేరు.

పరిమితిని లెక్కించే తీరు కూడా చిక్కే. పాన్ నంబరు మీద దేశమంతటా జరిగిన అమ్మకాలన్నీ కలుపుతారు. పన్ను లేని సరుకు అమ్మకమూ అందులో చేరుతుంది. పాలు, బ్రెడ్డు 32 లక్షలకు, బిస్కట్లు, సబ్బులు 9 లక్షలకు అమ్మిన కొట్టు 41 లక్షలతో గీత దాటినట్టే, పన్ను పడేది ఆ 9 లక్షల మీదే అయినా. కేవలం పన్ను లేని సరుకే అమ్మేవాడికి మాత్రం ఎంత అమ్మినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

## మెట్టు ఎత్తు: ఇద్దరి లెక్క

ఒక ఊహా ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లో పైపులు, రంగులు, ఎలక్ట్రికల్ సామాను అమ్మే దుకాణం. అన్నిటి మీదా పన్ను 18 శాతం. ఏడాదికి గల్లాపెట్టెలోకి 40 లక్షలు వస్తాయి, సరుకు కొన్నందుకు పన్నుతో సహా 34 లక్షలు పోతాయి, మిగిలేది 6 లక్షలు. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం 2 లక్షల 40 వేలు పోను యజమానికి దక్కేది 3 లక్షల 60 వేలు.

రిజిస్ట్రేషన్ తీసుకున్నాడు. వీధిలో పోటీ ఉంది కాబట్టి ధర పెంచలేదు. ఇప్పుడు ఆ 40 లక్షల్లోనే సుమారు 6 లక్షల 10 వేలు పన్ను. కొన్న సరుకు మీద కట్టిన సుమారు 5 లక్షల 19 వేలు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా తిరిగివస్తుంది. కట్టవలసింది దాదాపు 91,500. దానికి రిటర్నులు వేసే ఆడిటరు ఖర్చు ఏడాదికి 30,000 కలపండి. చేతికొచ్చేది 2 లక్షల 38 వేలకు పడిపోతుంది. మళ్లీ పాత 3 లక్షల 60 వేలు కళ్లజూడాలంటే అమ్మకం 49 లక్షల 50 వేలు దాటాలి. మధ్యలో ఉన్న తొమ్మిదిన్నర లక్షల వ్యాపారం అతనికి వట్టి చాకిరీ. 40 లక్షల ముందు ఎందుకు ఆగిపోతాడో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఇప్పుడు ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. సేవ కాబట్టి గీత 20 లక్షలు. ఆల్బమ్ ప్రింటింగ్, పరికరాలకు పన్నుతో కలిపి 2 లక్షల 36 వేలు ఖర్చు, అందులో పన్ను 36,000. సహాయకుల కూలీ, ప్రయాణాలు 7 లక్షల 64 వేలు. మిగిలేది 10 లక్షలు. రిజిస్ట్రేషన్ తర్వాత అదే 20 లక్షల్లో పన్ను సుమారు 3 లక్షల 5 వేలు, తిరిగివచ్చేది 36,000 మాత్రమే. ఒక్క ఏడాదిలో 2 లక్షల 69 వేలు పోతుంది. పన్ను రేటు ఒక్కటే అయినా పన్ను వరకే చూస్తే హార్డ్‌వేర్ దుకాణం కంటే అతని మెట్టు దాదాపు మూడు రెట్లు ఎత్తు. అతను అమ్మే దాంట్లో ఎక్కువ భాగం సొంత శ్రమ, శ్రమకు క్రెడిట్ రాదు.

అదే ఫోటోగ్రాఫర్ పెళ్లిళ్లు మానేసి కంపెనీలకు పనిచేస్తే బొమ్మ తిరగబడుతుంది. కంపెనీలు బిల్లు మీద 18 శాతం అదనంగా కట్టి, దాన్ని క్రెడిట్‌గా తీసుకుంటాయి, కాబట్టి బేరమాడవు. ఆల్బమ్ మీద కట్టిన 36,000 తిరిగి దక్కడం అతనికి లాభం. అలాంటివాడు 20 లక్షలు రాకముందే తనంతట తానే నంబరు తీసుకుంటాడు.

అంటే మెట్టు ఎత్తును నిర్ణయించేవి మూడు: అమ్మకంలో సొంత విలువ ఎంత, కొనేవాడు క్రెడిట్ తీసుకోగలడా లేదా, కాగితాల ఖర్చు ఎంత. టర్నోవర్ సంఖ్యకు ఈ మూడూ కనిపించవు.

## మూడు వాదాలు

### గీత ఎత్తుగా ఉండాలి

ఈ వాదానికి సిద్ధాంత బలం ఇచ్చింది మైఖేల్ కీన్, జాక్ మింట్జ్ 2004లో రాసిన వ్యాసం. వారి ప్రాథమిక సూత్రం ఇది:

```
z* = (δA + C) / ((δ − 1) · τ · v)
```

`z*` తగిన పరిమితి. `A` ఒక్కో డీలరు మీద పన్ను శాఖకు అయ్యే ఖర్చు, `C` డీలరుకు అయ్యే ఖర్చు, `τ` పన్ను రేటు, `v` అమ్మకంలో సొంత విలువ వాటా. `δ` అంటే ఖజానాకు చేరిన ఒక రూపాయికి సమాజం కట్టే విలువ. చిన్నవాడి దగ్గర వచ్చే పన్ను అతని కాగితాల ఖర్చుకు, శాఖ ఖర్చుకు సరిపోకపోతే వదిలేయడమే మంచిదని దీని సారం.

ఊహా అంకెలతో చూద్దాం. శాఖ ఖర్చు 5,000, డీలరు ఖర్చు 30,000, ఖజానా రూపాయి విలువ 1.3, రేటు 18 శాతం అనుకుంటే, సొంత విలువ 15 శాతమే ఉన్న హార్డ్‌వేర్ దుకాణానికి తగిన పరిమితి సుమారు 45 లక్షలు. సొంత విలువ 60 శాతం ఉన్న సేవకు సుమారు 11 లక్షల 27 వేలు. సరుకుకు ఎక్కువ, సేవకు తక్కువ అనే మన ఏర్పాటుకు ఇందులో సమర్థన దొరుకుతుంది. అయితే అదే సూత్రం తక్కువ గీత పెట్టమన్న చోటే మెట్టు అన్నిటికంటే ఎత్తు, ఫోటోగ్రాఫర్ లెక్కలో చూసినట్టు. పై సూత్రంలో వర్తకుడు గీత చూసి ఆగిపోతాడన్న ఊహ లేదు. అది చేర్చగానే లెక్క జటిలమవుతుందని ఆ వ్యాసకర్తలే తర్వాతి విశ్లేషణలో చూపారు.

### గీత తక్కువగా ఉండాలి

రెండో వాదం పోటీ న్యాయం గురించి. ఒకే వీధిలో ఒకడు పన్ను కడుతూ, ఇంకొకడు కట్టకుండా ఒకే సరుకు అమ్మితే పన్ను కట్టేవాడు నష్టపోతాడు. పైగా ఎత్తైన గీత కింద ఉన్నవారంతా బిల్లుల గొలుసుకు బయట ఉంటారు. పశ్చిమ బెంగాల్ వ్యాట్ రికార్డులను పరిశీలించిన గాడెన్, నంది, రాతెలో, రిజిస్టరైన సంస్థలు రిజిస్టరైన వారి దగ్గరే ఎక్కువగా కొంటాయని చూపారు. బ్రెజిల్ మీద డి పౌలా, షైంక్‌మన్ అధ్యయనం కూడా ఇలాంటి రెండు గొలుసులనే గుర్తించింది. బయట ఉన్నవాడు పన్ను తప్పించుకున్నట్టు కనిపిస్తాడు, కానీ పెద్ద కొనుగోలుదారు అతని దగ్గరికి రాడు.

జపాన్ ఈ దారిలో నడిచింది. 3 కోట్ల యెన్‌లుగా ఉన్న పరిమితిని 2004లో 1 కోటికి దించింది. 2023 అక్టోబరులో అర్హత గల ఇన్‌వాయిస్ విధానం తెచ్చాక, పరిమితి కింద ఉన్నా కంపెనీలకు పనిచేసే స్వతంత్ర వృత్తులవారు చాలామంది నంబరు తీసుకోక తప్పని స్థితి వచ్చింది. ఇక్కడ గీత చట్టంలో కదలలేదు, కొనేవాడు దాన్ని కదిలించాడు.

### గీత ఎక్కడున్నా, మెట్టును వాలు చేయాలి

మూడో వాదం సంఖ్యను పక్కన పెట్టి నిర్మాణాన్ని చూస్తుంది. ఫిన్లాండ్ 2004లో 8,500 యూరోల పరిమితి పైన కొంతమేర వరకు పన్నులో మాఫీ ఇచ్చి భారం మెల్లగా పెరిగేలా చేసింది. జపాన్ కొత్త ఇన్‌వాయిస్ విధానం వల్ల నమోదైన చిన్నవారు మూడేళ్ల పాటు అమ్మకపు పన్నులో 20 శాతమే కట్టే వీలు కల్పించింది. యూరోపియన్ యూనియన్ 2025 నిబంధనల్లో పరిమితిని 10 శాతం లోపు దాటినవారు ఆ ఏడాది చివరి దాకా మినహాయింపులోనే కొనసాగవచ్చు.

మనకు వాలు అంటే కాంపోజిషన్ పథకం. కోటిన్నర వరకు వర్తకులు టర్నోవర్ మీద 1 శాతం, 50 లక్షల వరకు సేవలవారు 6 శాతం కట్టి, మూడు నెలలకోసారి చెల్లింపు, ఏడాదికో రిటర్ను వేస్తే చాలు. హార్డ్‌వేర్ దుకాణం ఈ దారి పడితే 40 లక్షల దగ్గర పన్ను 40,000, కాగితాల ఖర్చు 10,000 అనుకుంటే చేతికి 3 లక్షల 10 వేలు. పాత ఆదాయం అందుకోవడానికి దాదాపు 43 లక్షల 60 వేల అమ్మకం చాలు. తొమ్మిదిన్నర లక్షల గొయ్యి మూడున్నర లక్షలకు పూడింది.

కానీ మెట్టు మాయం కాలేదు, పైకి జరిగింది. ఇదే దుకాణం కోటిన్నరకు చేరితే కాంపోజిషన్‌లో పన్ను 1 లక్షా 50 వేలు, మామూలు విధానంలో సుమారు 3 లక్షల 43 వేలు. రెండో గీత దగ్గర ఒక్కసారిగా 1 లక్షా 93 వేల తేడా. కాంపోజిషన్ డీలరు పక్క రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు, కొనేవాడికి క్రెడిట్ ఇచ్చే టాక్స్ ఇన్‌వాయిస్ రాయకూడదు. ఖమ్మంలో ఉండి విజయవాడకు సరుకు పంపాలనుకునేవాడికి ఆ వాలు మూసిన దారే.

| వాదం | బలం | ఖరీదు |
|---|---|---|
| ఎత్తైన గీత | చిన్నవారికి కాగితాల భారం లేదు, శాఖ పెద్దవారి మీద దృష్టి పెడుతుంది | గీత కింద ఉన్నవారు క్రెడిట్ గొలుసుకు దూరం |
| తక్కువ గీత | పోటీలో సమానత, గొలుసు పొడవు | వసూలు కంటే ఖర్చు ఎక్కువయ్యే ప్రమాదం |
| వాలు | ఎదిగేవాడికి తొలి దెబ్బ తక్కువ | నియమాలు పెరుగుతాయి, మెట్టు పైకి జరుగుతుంది |

## గీత కింద గుంపు: ఆధారాలు ఏం చెబుతున్నాయి

క్లిఫ్ ఎఫెక్ట్ నిజమా అని పరిశోధకులు ఒక తీరులో తేల్చుకుంటారు. సంస్థలన్నిటినీ అమ్మకాల వరుసలో నిలబెట్టి, ప్రతి మెట్టులో ఎన్ని ఉన్నాయో గీస్తారు. మామూలుగా అది నున్నగా వాలే గీత. పరిమితికి కాస్త కింద గుంపు, కాస్త పైన గుంట కనిపిస్తే గీత పనిచేస్తున్నట్టే.

బ్రిటన్‌లో ఆ గుంపు స్పష్టం. లియు, లాక్‌వుడ్, ఆల్మునియా, టామ్ చేసిన అధ్యయనంలో అంతిమ వినియోగదారులకు అమ్మేవారిలో, కొన్న సరుకు వాటా తక్కువ ఉన్నవారిలో గుంపు దట్టంగా ఉంది. పరిమితి కింద ఉండి స్వచ్ఛందంగా నమోదైనవారూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. మన ఇద్దరి లెక్క చెప్పిందే అక్కడి రికార్డులూ చెబుతున్నాయి.

ఫిన్లాండ్ నుంచి వచ్చింది ఊహించని సంగతి. హార్యు, మటిక్కా, రౌహానెన్ పరిశీలనలో, పన్ను మాఫీ వచ్చాక కూడా గుంపు దాదాపు అలాగే నిలిచింది. నివేదికల భారం తగ్గించినప్పుడు మాత్రం పలచబడింది. అక్కడి చిన్నవారు పన్ను కంటే కాగితాలకే భయపడ్డారని వారి నిర్ధారణ. అక్కడి పరిమితి చాలా చిన్నది, కాబట్టి 40 లక్షల స్థాయికి దాన్ని యథాతథంగా అన్వయించలేం. అయినా వాలు వాదానికి ఇది గట్టి ప్రశ్న: రేటు ఒక్కటే తగ్గిస్తే సరిపోతుందా?

జపాన్ మూడో సంగతి చూపింది. 1989లో పన్ను వచ్చినప్పుడు సరళ విధానం వాడుకోవడానికి కొన్ని సంస్థలు తమను తాము ముక్కలు చేసుకున్న ఆనవాళ్లను కజుకి ఒంజి గుర్తించారు. మన బజార్లలో ఇది తెలియనిదేమీ కాదు: ఒకే గోడౌను, ఒకే గల్లా, భార్య పేరున ఇంకో ఫర్మ్. పాన్ వేరు కాబట్టి కాగితం మీద ఎవరి గీత వారిదే.

అందుకే గుంపు కనబడినంత మాత్రాన కారణం తెలియదు. నిజంగా బేరం మానుకున్నవాడు, బిల్లు రాయనివాడు, ఫర్మును చీల్చినవాడు ముగ్గురూ ఆ పటంలో ఒకే చోట నిలబడతారు. మొదటివాడి వల్ల దేశం కోల్పోయేది పని, ఉపాధి. తక్కిన ఇద్దరి వల్ల కోల్పోయేది పన్ను. మందులు వేరు. సరుకు కొనుగోళ్లు, కరెంటు వాడకం పెరుగుతుంటే అమ్మకం మాత్రం గీత కింద కదలకుండా ఉంటే అది లెక్కల్లోని ఆగుదల, అన్నీ ఆగితే నిజమైన ఆగుదల.

## కర్ణాటక నోటీసులు: గీత హఠాత్తుగా కనిపించినప్పుడు

2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ల ఆధారంగా వేలమంది చిన్న వర్తకులకు నోటీసులు పంపింది. టీకొట్లు, బేకరీలు, కూరగాయల దుకాణాలు కూడా అందులో ఉన్నాయి. కొద్దిరోజుల్లో బెంగళూరు కొట్ల ముందు ‘యూపీఐ లేదు, నగదు మాత్రమే’ అన్న కాగితాలు వెలిశాయి. పాత బకాయిల కోసం ఒత్తిడి చేయబోమని, ఇకపై రిజిస్ట్రేషన్ తీసుకోవాలని ముఖ్యమంత్రి వర్తకులకు చెప్పాక ఆందోళన సద్దుమణిగింది.

ఈ ఉదంతం రెండు సంగతులు బయటపెట్టింది. ఒకటి, క్యూఆర్ కోడ్ మీద వచ్చిన డబ్బంతా టర్నోవర్ కాదు. అందులో చేబదులు, బంధువులు పంపినది, కూరగాయల వంటి పన్ను లేని సరుకు కలిసి ఉంటాయి. రెండు, గీత దాటిన సంగతి ఆలస్యంగా తెలిసినవాడికి మెట్టు ఇంకా లోతు. దాటిన 30 రోజుల్లో దరఖాస్తు చేస్తే గోడౌనులో ఉన్న సరుకు మీద క్రెడిట్ వస్తుంది. గడువు తప్పితే ఆ హక్కు పోతుంది. మన హార్డ్‌వేర్ దుకాణం గీత దాటాక గమనించకుండా ఇంకో 10 లక్షలు అమ్మిందనుకుందాం. అందులో పన్ను సుమారు 1 లక్షా 53 వేలు, క్రెడిట్ సున్నా. ఆ అమ్మకం మీద అతని లాభం 1 లక్షా 50 వేలే. వచ్చిందంతా పోయింది, వడ్డీ, జరిమానా అదనం. వెళ్లిపోయిన గిరాకీని వెతికి పన్ను అడగలేడు కదా.

మన లెక్కింపు ఆర్థిక సంవత్సరం ప్రకారం నడవడం ఇంకో చిక్కు. ఫిబ్రవరిలో 38 లక్షలకు చేరినవాడు మార్చి బేరాలను ఏప్రిల్‌కు వాయిదా వేసి గట్టెక్కవచ్చు. బ్రిటన్ ప్రతి నెలాఖరునా వెనకటి 12 నెలలు కలిపి చూస్తుంది కాబట్టి అక్కడ ఆ కిటికీ లేదు. కానీ అలాంటి లెక్క రాసుకునే అలవాటు లేని చిన్నవాడికి గీత ఎప్పుడు దాటాడో తెలుసుకోవడం ఇంకా కష్టమవుతుంది.

## తేలనివి

పరిమితిని ధరలతో పాటు పెంచాలా అన్నది తేలలేదు. సరుకుల గీత 2019 నుంచి 40 లక్షల దగ్గరే ఉంది. అమ్మే సంచుల సంఖ్య పెరగకపోయినా ధర పెరిగినందుకే దుకాణం గీతకు దగ్గరవుతోంది. ఏటా పెంచితే ఈ అన్యాయం పోతుంది, కానీ గొలుసుకు బయట ఉండేవారు ఎప్పటికీ బయటే ఉండే వీలు కలుగుతుంది.

సాంకేతికత గీతను ఎటు నెడుతుందో కూడా తేలలేదు. రిటర్నులు ముందే నిండి వస్తే కాగితాల ఖర్చు తగ్గుతుంది. కీన్, మింట్జ్ సూత్రం ప్రకారం అప్పుడు పరిమితి దిగాలి. అయితే సరుకు వర్తకుడికి తేలికైనంత మాత్రాన శ్రమ అమ్ముకునేవాడి పన్ను తగ్గదు. ఫోటోగ్రాఫర్ మెట్టులో కాగితాల వాటా కొద్ది, పన్ను వాటా ఎక్కువ. హార్డ్‌వేర్ దుకాణం మెట్టులో మాత్రం నాలుగో వంతు ఆడిటరు ఖర్చే. ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు.

మన రాష్ట్రాల రికార్డుల్లో దొరకగల జవాబు ఒకటి ఉంది. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. 2014 దాకా ఒకే వ్యాట్ చట్టం కింద నడిచిన బజార్లివి. కృష్ణా జిల్లా, ఖమ్మం జిల్లా దుకాణాల కొనుగోళ్లను, సరఫరాదారుల బిల్లుల ద్వారా, 2019కి ముందు, తర్వాత పోల్చి చూస్తే, గీత పెంచినందుకు వ్యాపారం నిజంగా ఎదిగిందా, కేవలం నమోదులు తగ్గాయా అన్నది కనీసం కొంతమేర తెలుస్తుంది. 20 లక్షలా, 40 లక్షలా అన్న వాదనకు ముందు రెండు ప్రభుత్వాలూ ఆ లెక్క తీయించాలి. అప్పటిదాకా 39 లక్షల దగ్గర ఆగిన దుకాణదారుడు పని మానుకున్నాడో, బిల్లు మానుకున్నాడో మనం ఊహించుకోవడమే.